ట్యాగ్స్, హ్యాష్‌ట్యాగ్స్, కీవర్డ్స్: మూడూ ఒకటే అయితే మూడు పేర్లెందుకు?

వంటింటి_కిరణ్
అందరికీ నమస్కారం. మా అమ్మ వంటల ఛానల్ నేనే చూసుకుంటాను. వీడియో తీయడం, కోయడం, యూట్యూబ్‌లో ఎక్కించడం అన్నీ నావే. ఏడాదిన్నర అయింది. చుట్టాలు, చుట్టాల చుట్టాలు తప్ప కొత్తవాళ్లు పెద్దగా రావడం లేదు.

పోయిన నెల ఒకతను ఫోన్ చేసి, మీ వీడియోలకు మెటాడేటా సరిగ్గా లేదండీ, నేను రాసిస్తాను అన్నాడు. మూడు వేలు తీసుకుని ఒక షీటు పంపాడు. అందులో మూడు గడులున్నాయి: ట్యాగ్స్, హ్యాష్‌ట్యాగ్స్, కీవర్డ్స్. చూస్తే మూడింట్లోనూ అవే మాటలు. రెండో గడిలో ముందు # పెట్టాడు, మూడో గడిలో తీసేశాడు, అంతే. అందులో ఇద్దరు సినిమా హీరోల పేర్లు కూడా ఉన్నాయి. పచ్చడి వీడియోకి హీరోలెందుకని అడిగితే "రీచ్ కోసం" అన్నాడు.

అతను చెప్పినట్టే ట్యాగ్స్ పెట్టెలో మొదటివి, డిస్క్రిప్షన్ అడుగున మిగతా రెండూ అంటించాను. మూడు వారాలైంది, తేడా ఏమీ లేదు. పైగా ఇంతకుముందు శీర్షిక దగ్గర నీలంగా కనిపించే హ్యాష్‌ట్యాగ్‌లు కూడా మాయమయ్యాయి. అసలు ఈ మూడింటికీ తేడా ఏమిటి, ఏది ఏం పని చేస్తుంది?

సోర్స్_చూడు
తేడా ఏమీ లేదు బ్రో. ట్యాగ్స్ అన్నా కీవర్డ్స్ అన్నా ఒకటే. నమ్మకం లేకపోతే కంప్యూటర్‌లో నీ వీడియో పేజీ తెరిచి Ctrl+U కొట్టి చూడు. నువ్వు ట్యాగ్స్ పెట్టెలో రాసినవే అక్కడ ఇలా ఉంటాయి:

```html
<meta name="keywords" content="gongura, pachadi, telugu vantalu">
```

పేరే keywords అని ఉంది. ఇంకేం కావాలి? హ్యాష్‌ట్యాగ్ అంటే దానికి # తగిలించడమే.

లక్ష్మీ_పిండివంటలు
నాకూ ఇదే సమస్యండీ. అరిసెల వీడియోలో మా అక్కయ్యని ట్యాగ్ చేశాను, తన పేరు ట్యాగ్స్ పెట్టెలో రాశాను. తనకి నోటిఫికేషనే రాలేదంటోంది. రెండుసార్లు తీసి మళ్లీ పెట్టాను. ఇది ఎవరికైనా పని చేస్తోందా?

శారద_ఎడిట్స్
లక్ష్మి గారూ, మీరు అనుకునే ట్యాగ్ వేరు. మనిషిని పిలవాలంటే డిస్క్రిప్షన్‌లో గానీ శీర్షికలో గానీ @ పెట్టి, ఆవిడ ఛానల్ హ్యాండిల్ రాయాలి. ట్యాగ్స్ పెట్టెలో ఎవరి పేరు రాసినా వాళ్లకి కబురు వెళ్లదు. చూసేవాళ్లకి కూడా ఆ పెట్టె కనిపించదు.

కిరణ్, ముందు నీ హ్యాష్‌ట్యాగ్‌లు మాయమైన సంగతి. ఆ షీటులో # ఉన్నవి ఎన్నో లెక్కపెట్టి చెప్పు.

వంటింటి_కిరణ్
లెక్కపెట్టాను అక్కా. 74.

శారద_ఎడిట్స్
అదే కారణం. ఒక వీడియోలో 60కి మించి హ్యాష్‌ట్యాగ్‌లుంటే యూట్యూబ్ ఆ వీడియోలోని హ్యాష్‌ట్యాగ్‌లన్నింటినీ పక్కన పెట్టేస్తుంది. మొదటి 60 ఉంచి మిగతావి వదిలేయడం కాదు, మొత్తం వదిలేస్తుంది. శీర్షిక దగ్గర ఒక్కటీ కనిపించకపోవడమే దానికి గుర్తు. మితిమీరి పెడితే వెతుకులాట నుంచే వీడియోని తప్పించే అవకాశం కూడా ఉంది. ఎలాగూ శీర్షిక దగ్గర కనిపించేవి మహా అయితే మూడు. కాబట్టి రెండో మూడో ఉంచి మిగతావి తీసెయ్.

ఇక డిస్క్రిప్షన్ అడుగున కీవర్డ్స్ అని అంటించిన కుప్ప. అది ఇవాళే తీసెయ్. డిస్క్రిప్షన్‌లో ట్యాగ్‌లు గుట్టగా పోయడం వాళ్ల నిబంధనలకు విరుద్ధం. హీరోల పేర్లు అంతకంటే ప్రమాదం, వీడియోలో లేని మనిషి పేరుతో జనాన్ని రప్పించడం తప్పుదారి పట్టించడం కిందికి వస్తుంది. మూడు వేలు పోయినా పోయాయి, ఛానల్ మీదికి తెచ్చుకోకు.

సోర్స్_చూడు
నా పాయింటుకి సమాధానం రాలేదు. keywords అని సోర్స్‌లోనే ఉంది.

శారద_ఎడిట్స్
ఉంది, కాదనను. నువ్వు చూపించింది నిజమే, దానికి చెప్పుకున్న అర్థమే తేడా. వెబ్ పేజీలకు keywords అనే ఆ వరుస చాలా పాతకాలం నాటిది. ట్యాగ్స్ పెట్టెలో రాసినవాటిని అక్కడ అచ్చేస్తున్నారు, అంతే. గూగుల్ వెబ్ సెర్చ్ అయితే ఆ వరుసను ర్యాంకింగ్‌కి వాడుకోవడం లేదని 2009లోనే బహిరంగంగా చెప్పింది. ప్రోగ్రాములు యూట్యూబ్‌తో మాట్లాడే దారిని ఏపీఐ అంటారు, అందులో చూస్తే అదే సరుకు పేరు tags:

```json
"tags": ["gongoora", "gongura pachadi"]
```

ఒకే పెట్టెకు ఒకచోట ఒక పేరు, ఇంకోచోట ఇంకో పేరు. గందరగోళమంతా అక్కడే మొదలైంది. పక్క ఛానల్ ట్యాగ్స్ చూపిస్తామనే బ్రౌజర్ పనిముట్లు కూడా ఇలా బయట కనిపించేవాటినే చదివి చూపిస్తాయి. పక్కన వేసే మార్కులు మాత్రం వాటి సొంతం, యూట్యూబ్ ఇచ్చినవి కావు.

మేం పనిలో కీవర్డ్ అనేది వెతికేవాళ్లు సెర్చ్‌లో కొట్టే మాటని. వీడియో ఎక్కించేటప్పుడు దానికి వేరే పెట్టె ఉండదు. ఆ మాటను ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలో ఉంది: శీర్షికలో, డిస్క్రిప్షన్ మొదటి రెండు వాక్యాల్లో, లేదంటే ట్యాగ్స్‌లో. ఈ మూడు చోట్లకీ బలం ఒకటి కాదు. శీర్షిక, థంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్ ముఖ్యమనీ, ట్యాగ్స్ పాత్ర చాలా తక్కువనీ, జనం తరచూ స్పెల్లింగ్ తప్పు రాసే మాటలకు మాత్రం పనికొస్తాయనీ ట్యాగ్స్ గురించిన యూట్యూబ్ సహాయం పేజీలోనే ఉంటుంది.

వంటింటి_కిరణ్
కీవర్డ్స్‌కి పెట్టె లేదంటున్నారు, నాకు కనిపించింది అక్కా. యూట్యూబ్ స్టూడియోలో Settings లోపల Channel, అందులో Basic info దగ్గర Keywords అని ఉంది. అక్కడ కూడా ఆ షీటు అంటించాను.

సోర్స్_చూడు
హహ, పెట్టె దొరికింది.

శారద_ఎడిట్స్
అది ఛానల్ మొత్తానికి. మీది ఆంధ్ర వంటల ఛానల్ అని చెప్పే నాలుగైదు మాటలు చాలు అక్కడ. ఏ ఒక్క వీడియోకీ దానితో సంబంధం లేదు. అయినా నేను ముందే చెప్పి ఉండాల్సింది, తప్పు నాదే.

రీల్స్_రాజీ
నేను షార్ట్స్ చేస్తాను. #shorts పెట్టకపోతే అది షార్ట్‌గా లెక్కలోకి రాదు కదా? కాబట్టి హ్యాష్‌ట్యాగ్ పనికిరాదంటే ఒప్పుకోను.

శారద_ఎడిట్స్
ఇప్పుడు అవసరం లేదు రాజీ. నిలువుగా గానీ చతురస్రంగా గానీ ఉండి, మూడు నిమిషాల లోపు ఉంటే దానంతట అదే షార్ట్ అవుతుంది. 2024 అక్టోబరు 15కి ముందు ఎక్కించినవాటికి ఆ హద్దు ఒక నిమిషం. #shorts పెట్టినా నష్టం లేదు, మూడు చోట్లలో ఒకటి వృథా, అంతే.

హ్యాష్‌ట్యాగ్ పనికిరాదని కూడా నేననలేదు. అది చూసేవాళ్లకి కనిపించే లింకు. నొక్కితే ఆ హ్యాష్‌ట్యాగ్ ఉన్న వీడియోలన్నీ ఉండే పేజీ తెరుచుకుంటుంది. ఇక్కడే జనం ఆలోచించరు. #food పెట్టారనుకోండి, మీ వీడియో చూస్తున్న మనిషి అది నొక్కితే ప్రపంచంలో అందరి వంటలూ ఉన్న సంతలోకి పోతాడు. మీ పచ్చడి ఆ సంతలో ఏ మూలనో ఉంటుంది. అంటే ఉన్న మనిషిని బయటికి పంపడానికి మనమే తలుపు తీసినట్టు. అదే మీ వీడియోల వరుసకో, ఊరికో, ఫలానా పండగకో సంబంధించిన చిన్న హ్యాష్‌ట్యాగ్ అయితే, తెరుచుకునే పేజీలో మీవే పది వీడియోలుంటాయి.

ఇంకొకటి, హ్యాష్‌ట్యాగ్ మధ్యలో ఖాళీ ఉండకూడదు. #గోంగూర పచ్చడి అని రాస్తే లింకు గోంగూర దగ్గరే ఆగిపోతుంది.

రీల్స్_రాజీ
ఇన్‌స్టాలోనూ 2024 చివర్లో హ్యాష్‌ట్యాగ్‌లని ఫాలో అయ్యే సదుపాయం తీసేశారు లెండి. అప్పటి నుంచి నేనూ తగ్గించాను. కానీ క్లయింట్లు ఊరుకోరు, కింద బారెడు లేకపోతే పని చేయలేదనుకుంటారు.

బుర్రకథ_బాక్సు
నా అనుభవం వేరే. మా నాన్నగారు దాచిన బుర్రకథ క్యాసెట్లు డిజిటల్ చేసి పెడుతున్నాను. జనం ఆ మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా కొడతారో లెక్కలేదు. burrakatha, burra katha, burakatha, burakada కూడా చూశాను. ఇవన్నీ ట్యాగ్స్‌లో పెట్టాక వెతుక్కుని వచ్చేవాళ్లు పెరిగారు. ట్యాగ్స్‌కి బలం లేదంటే ఎలా ఒప్పుకోమంటారు శారద గారూ?

శారద_ఎడిట్స్
బాబాయి గారూ, ట్యాగ్స్ అచ్చంగా పనికొస్తాయని చెప్పే సందర్భమే మీది. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతంటూ లేదు కాబట్టి, స్పెల్లింగ్ తప్పులు మనకి మామూలుకంటే ఎక్కువ. ఆ తప్పులన్నీ శీర్షికలో రాస్తే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. ట్యాగ్స్ పెట్టె వీడియో చూసేవాళ్లకి కనిపించదు కాబట్టి అక్కడ పెట్టడం మంచిది.

కాకపోతే ఒక్క మాట. burakatha అని కొట్టినా బుర్రకథ చూపించడం సెర్చ్ తనంతట తాను కూడా చేస్తుంది. మీకు పెరిగినవాళ్లు ట్యాగ్ వల్ల వచ్చారా, ఆ దిద్దుబాటు వల్ల వచ్చారా అన్నది బయటి నుంచి విడదీయలేం. అదే సమయంలో మీరు శీర్షికలు ఏమైనా మార్చారా?

బుర్రకథ_బాక్సు
మార్చాను. అంతకుముందు "క్యాసెట్ 7, బి సైడు" అని ఉండేవి. కథ పేరు పెట్టాను.

సోర్స్_చూడు
అయితే శీర్షిక వల్లే 😄

బుర్రకథ_బాక్సు
కావచ్చు. రెండూ అయ్యుండొచ్చు. మీరు నవ్వినంత మాత్రాన ట్యాగ్స్ తీసెయ్యను.

వంటింటి_కిరణ్
సరే, ఇప్పుడు నాకు ఒక్క వీడియో మీద చూపిస్తారా? ఇదిగో, ఎక్కువ కష్టపడి తీసినది. శీర్షిక: "అమ్మ చేతి వంట ఎపిసోడ్ 14 #viral #trending #food". పండుమిరపకాయలు, గోంగూర కలిపి నూరిన నిల్వ పచ్చడి.

శారద_ఎడిట్స్
ఎపిసోడ్ 14 అని ఎవరైనా వెతుకుతారా నాయనా. మీ అమ్మగారు తెలియని మనిషికి ఈ శీర్షిక చూస్తే లోపల పప్పు ఉందో పాయసం ఉందో తెలియదు. ఏ ట్యాగూ దీన్ని కాపాడలేదు.

ముందు జనం మాట తెలుసుకో. స్టూడియోలో Analytics తెరిచి, ట్రాఫిక్ సోర్సుల్లో YouTube search నొక్కితే నీ వీడియోలకి ఏ మాటలు కొట్టి వచ్చారో వరుసగా కనిపిస్తాయి. ట్రాఫిక్ సోర్సుల జాబితాలోనే Hashtag pages అని ఇంకో వరుస కూడా ఉంటుంది, దాని అంకె ఎంతో చూడు. తర్వాత లాగిన్ కాని బ్రౌజర్‌లో సెర్చ్ పెట్టెలో గోంగూర అని సగం కొట్టి ఆగు, కింద వచ్చే సూచనలు రాసుకో. ఆ రెండూ ఇక్కడ పెట్టు.

వంటింటి_కిరణ్
చూశాను అక్కా. సెర్చ్‌లో వచ్చినవాళ్లు ఎక్కువగా gongura pachadi, pandu mirchi gongura, గోంగూర నిల్వ పచ్చడి అని కొట్టారు. అంటే ఈ వీడియోకి కాదు, మా పాత ఇంకో గోంగూర వీడియోకి ఇలా వచ్చారు. ఎపిసోడ్ 14కి సెర్చ్ నుంచి ఇద్దరే, ఆ ఇద్దరూ మా ఛానల్ పేరు కొట్టారు. బహుశా మా పిన్నీ వాళ్లు.

Hashtag pages వరుసలో 74 పెట్టాక ఒక్కరూ లేరు. అంతకుముందు కూడా నలుగురైదుగురే.

నిజామాబాద్_పోరడు
అన్నా, ఒక మాట. మా ఇంట్లో గోంగూర అని ఎవరూ అనరు, పుంటికూర అంటం. మా అమ్మ యూట్యూబ్‌ల వెతికేటప్పుడు కూడా నోటితోనే "పుంటికూర పచ్చడి" అని చెప్తది. నీ వీడియోల ఆ మాటే లేకపోతే మా అమ్మకెట్ల కనిపిస్తది?

శారద_ఎడిట్స్
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అతి విలువైన మాట ఇదే. కిరణ్ కూర్చుని వంద ట్యాగ్‌లు రాసినా పుంటికూర తట్టి ఉండేది కాదు, ఎందుకంటే ఆయన ఇంట్లో ఆ మాట లేదు. పైగా నోటితో వెతికేవాళ్లకి స్పెల్లింగ్ తప్పులుండవు, మాటే తేడా.

ఇది స్పెల్లింగ్ తప్పు కాదు కాబట్టి ట్యాగ్స్‌లో దాచెయ్యకూడదు. చదివేవాళ్లకి కనిపించే వాక్యంలో ఉండాలి. నేనైతే ఇలా పెడతాను.

శీర్షిక: "గోంగూర నిల్వ పచ్చడి పండుమిరపకాయలతో | Pandu Mirchi Gongura Pachadi". శీర్షికకి హద్దు 100 క్యారెక్టర్లు, ఇది 65 అయింది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయని గుర్తుంచుకో. పచ్చడి కంటికి మూడక్షరాలే, లెక్కలో ఆరు. ఎపిసోడ్ నంబరు కావాలంటే డిస్క్రిప్షన్‌లో రాసుకో.

డిస్క్రిప్షన్ మొదటి రెండు వాక్యాలు: "పండుమిరపకాయలు, గోంగూర కలిపి రోట్లో నూరి, ఏడాది నిల్వ ఉండేలా అమ్మ పెట్టే పచ్చడి ఇది. తెలంగాణలో పుంటికూర పచ్చడి అంటారు." మామూలు మనిషి మాట్లాడినట్టే ఉంది, వెతికే మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆ కింద కొలతలు రాయి.

ట్యాగ్స్‌లో శీర్షికలో ఉన్నవి మళ్లీ రాయక్కర్లేదు. తప్పుగా కొట్టేవే పెట్టు: gongoora, gonguura pachadi, gongura pachhadi, puntikura, punti kura, pundikura. ఆరేడు చాలు. హద్దు 500 క్యారెక్టర్లు, కానీ నింపాలని ఎక్కడా లేదు.

హ్యాష్‌ట్యాగ్‌లు రెండు: #గోంగూర, ఇంకోటి మీ అమ్మగారి వీడియోల వరుసకి పెట్టుకున్న సొంత పేరు. అవి కూడా డిస్క్రిప్షన్ చివర్లోనే, శీర్షికలో వద్దు.

సోర్స్_చూడు
500 దగ్గర ఒక చిక్కుంది, ఇది మాత్రం నా మాట వినండి. ఏపీఐ లెక్కలో ట్యాగ్ మధ్యలో ఖాళీ ఉంటే దాని చుట్టూ కోట్ గుర్తులు ఉన్నట్టే లెక్కపెడతారు. శారద గారు పైన రాసిన ఉదాహరణే తీసుకోండి. gongoora ఎనిమిది. gongura pachadi కంటికి పదిహేను, లెక్కలో పదిహేడు. మధ్యలో కామా ఒకటి. మొత్తం 26. నేను స్క్రిప్టుతో ఒకేసారి చాలా వీడియోలకి ట్యాగ్స్ ఎక్కిస్తుంటే 490 ఉన్నవి కూడా తిరగ్గొట్టింది. ఎందుకో అర్థం కావడానికి ఒక సాయంత్రం పట్టింది.

శారద_ఎడిట్స్
ఇది బాగుంది. నేను ఎప్పుడూ 500 దాకా పోలేదు కాబట్టి తగల్లేదు.

లక్ష్మీ_పిండివంటలు
అక్కయ్యకి @ పెట్టి పిలిచాను, వచ్చిందట! థాంక్సండీ. ఇంతకీ మా అరిసెలకి కూడా ఇలా వేరే పేర్లుంటాయా?

నిజామాబాద్_పోరడు
ఉండవా మరి అక్కా. బయటి రాష్ట్రాలోళ్లని కూడా అడుగు.

వంటింటి_కిరణ్
అన్నీ మార్చాను. ఐదు వారాలైంది కాబట్టి చెబుతున్నాను. ఎపిసోడ్ 14కి ఇప్పుడు సెర్చ్ నుంచి రోజూ కొంతమంది వస్తున్నారు. జాబితాలో pandu mirchi gongura pachadi మొదట ఉంది, పుంటికూర పచ్చడి తెలుగు లిపిలోనే నాలుగో స్థానంలో ఉంది. ట్యాగ్స్‌లో పెట్టిన తప్పు స్పెల్లింగులు జాబితాలో ఒక్కటే కనిపించింది, అది కూడా ఒకే ఒక్కసారి. హ్యాష్‌ట్యాగ్‌లు శీర్షిక దగ్గరికి తిరిగొచ్చాయి. వాటి నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు.

అయితే ఇదే సమయంలో గోంగూర అంగట్లో విరివిగా దొరుకుతోంది, జనం ఎలాగూ వెతికే రోజులు. కాబట్టి మొత్తం శీర్షిక మహిమే అని నేను అనలేను.

శారద_ఎడిట్స్
నిజాయితీగా చెప్పావు. శీర్షిక మార్చని ఇంకో నిల్వ పచ్చడి వీడియో ఉంటే దాని అంకెలు పక్కన పెట్టి చూడు. అది కూడా అంతే పెరిగి ఉంటే కాలం మహిమ, లేకపోతే శీర్షిక.

వంటింటి_కిరణ్
ఉసిరికాయ పచ్చడి ఒకటుంది, దాన్ని ముట్టుకోలేదు. పెద్దగా కదల్లేదు. కానీ ఉసిరి, గోంగూర ఒకటి కాదు కదా.

బుర్రకథ_బాక్సు
పాత వీడియోల శీర్షికలు మారిస్తే ఉన్న వ్యూస్ కూడా పోతాయని మా అబ్బాయి భయపెడుతున్నాడు. ఇంకా నలభై క్యాసెట్లు "బి సైడు" పేరుతోనే ఉన్నాయి.

శారద_ఎడిట్స్
ఉన్న వ్యూస్ ఎక్కడికీ పోవు బాబాయి గారూ. బాగా నడుస్తున్న వీడియో శీర్షికని నేను కూడా కదిలించను, ఆ భయం నాకూ ఉంది. కానీ "బి సైడు" అని ఉన్నదానికి పోగొట్టుకునేది ఏముంది?

నిజామాబాద్_పోరడు
కిరణన్నా, ఇంకోటి యాదికొచ్చింది. మాకు మహారాష్ట్ర పక్కనే. అక్కడోళ్లు దీన్నే అంబాడీ అంటరు. మా పక్కింటి మరాఠీ ఆంటీ వీడియో చూసి అడిగింది, ఇది అంబాడీ చట్నీయే కదా అని. ట్యాగ్స్‌ల ambadi కూడా పెట్టరాదు?

శారద_ఎడిట్స్
ట్యాగ్స్‌లో పెడితే తప్పేమీ లేదు, కానీ దానికి ఇంకా మంచి చోటుంది. స్టూడియోలో ఒకే వీడియోకి ఇంకో భాషలో కూడా శీర్షిక, డిస్క్రిప్షన్ రాసిపెట్టే వీలుంది. యూట్యూబ్‌ని మరాఠీలో పెట్టుకున్నవాళ్లకి ఆ మరాఠీ శీర్షిక కనిపిస్తుంది, మనకి తెలుగుదే కనిపిస్తుంది. ట్యాగ్స్‌ని ఇలా భాషల వారీగా విడివిడిగా రాసే వీలు లేదు. కన్నడానికి పుండి, తమిళానికి పులిచ్చ కీరై.

వంటింటి_కిరణ్
అమ్మకి చెప్పాను, తన పచ్చడికి ఇన్ని పేర్లున్నాయని నమ్మడం లేదు. పోరడు తమ్ముడూ, మీ పక్కింటి ఆంటీని మరాఠీలో శీర్షిక ఒక లైను రాసిమ్మని అడుగుతావా? పచ్చడి సీసా ఒకటి పంపిస్తాను.

నిజామాబాద్_పోరడు
ఆంటీకి ఒకటి, మా అమ్మకి ఒకటి. రెండు.